అనువాదకుడి పేరు లేని మార్క్స్ వాక్యం: అర్థం నిలిచిందో లేదో ఎలా తేల్చాలి?

ప్రశ్న: మా గ్రంథాలయం కరపత్రంలో "మతం ప్రజల పాలిట మత్తుమందు – కార్ల్ మార్క్స్" అని వేద్దామనుకుంటున్నాం. ఎవరు అనువదించారో ఎక్కడా దొరకలేదు. నాకు జర్మన్ రాదు. ఇది మార్క్స్ చెప్పిన అర్థమేనా కాదా అని ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

అనువాదకుడి కోసం వెతకడం ఆపేయండి. పేరు దొరికినా ఈ ఒక్క వాక్యం ఆయన సరిగ్గా చేశాడో లేదో ఆ పేరు చెప్పదు. ముందు కావాల్సింది వాక్యం అడ్రసు: ఏ రచన, ఏ సంవత్సరం, ఏ పేరా. అడ్రసు దొరకని మాట మీద మాత్రం సమయం వృథా చేసుకోకండి. పోల్చడానికి మూలమే లేనప్పుడు తేల్చేదేమీ ఉండదు.

నేను కొన్నేళ్లు ఒక తెలుగు మాసపత్రికలో ప్రూఫులు చూశాను. పేజీ అడుగున ఖాళీ మిగిలితే పెద్దవాళ్ల మాటలు వేసేవాళ్లం. మీరు అడిగిన వాక్యమే మా దగ్గరికి "మతం మత్తుమందు" అనీ, "ప్రజలకు నల్లమందు" అనీ, "ప్రజల పాలిట మత్తుమందు" అనీ రకరకాలుగా వచ్చేది. కింద మార్క్స్ పేరు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. అందుకే ఒకసారి కూర్చుని మూలం దాకా వెళ్లాను. నాకూ జర్మన్ రాదు. నిఘంటువు, రెండు ఇంగ్లీషు అనువాదాలు పక్కన పెట్టుకుంటే ఒక్క పేరాకి సరిపోయింది.

అడ్రసు ఇది: జర్మన్ తత్వవేత్త హెగెల్ న్యాయతత్వశాస్త్రం మీద మార్క్స్ మొదలుపెట్టిన విమర్శకు రాసిన ఉపోద్ఘాతం. 1844లో పారిస్ నుంచి వెలువడిన ఒక జర్మన్ పత్రికలో అచ్చయింది. మార్క్స్–ఎంగెల్స్ జర్మన్ సంపుటాల్లో మొదటిదాని 378వ పేజీలో ఉంటుంది. ఇంగ్లీషు పాఠం marxists.org లో దొరుకుతుంది, జర్మన్ పాఠం కూడా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది.

జర్మన్‌లో ఆ వాక్యం చాలా చిన్నది: "జీ ఇస్ట్ దాస్ ఓపియుమ్ దెస్ ఫోల్క్స్." మొదటి మాట ముందు వాక్యంలోని మతాన్ని చూపించే సర్వనామం. చివరి రెండు మాటలు షష్ఠీ విభక్తి, "ప్రజల" అని. మొత్తం కలిపితే "అది ప్రజల నల్లమందు". ఇంగ్లీషులో "మాసెస్" అనే మాటతో ఒక రూపం బాగా తిరుగుతుంది కానీ మూలంలో ఉన్నది ప్రజలే. తెలుగులో ఎవరైనా "జనబాహుళ్యానికి" అని రాస్తే అది ఆ ఇంగ్లీషు రూపం మీదుగా వచ్చి ఉంటుందని ఊహించవచ్చు. మార్క్స్ తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే వచ్చాడు కాబట్టి, అనువాదకుడు తెలియకపోయినా వాక్యం ఏ దారిన వచ్చిందో ఇలా పసిగట్టే వీలుంటుంది.

ఇప్పుడు మీ వాక్యంలో మూలానికి తేడాగా ఉన్నవి రెండు: మత్తుమందు, పాలిట. రెండూ ఒకే బరువున్న తేడాలు కావు.

1840లలో యూరప్‌లో నల్లమందు మొదట నొప్పి తగ్గించే మందు. బ్రిటన్‌లో మామూలు దుకాణాల్లోనే అమ్మేవాళ్లు, 1868 చట్టం వచ్చాకే దాని అమ్మకానికి కట్టడి మొదలైంది. అది అలవాటుగా పట్టుకుంటుందనీ, దాని వ్యాపారం కోసం చైనా మీద యుద్ధం జరిగిందనీ అప్పటివాళ్లకు తెలుసు. కాబట్టి ఆ మాటలో ఉపశమనమూ ఉంది, మైకమూ ఉంది. మన "మత్తుమందు" వింటే ఈరోజు పోలీసులు పట్టుకున్న సరుకే ముందు గుర్తొస్తుంది. అయినా ఆపరేషన్‌కి ముందు మత్తుమందు ఇచ్చారు అని కూడా అంటాం కదా, నొప్పి తెలియకుండా చేసే అర్థం పూర్తిగా పోలేదు. నేనైతే "నల్లమందు" అనే వాడతాను, కానీ ఈ ఒక్క తేడా మీద మీ వాక్యాన్ని తోసిపుచ్చను.

అసలు చిక్కు "పాలిట"తో వస్తుంది. పేదల పాలిట పెన్నిధి, రైతుల పాలిట శాపం అన్నప్పుడు మంచైనా చెడైనా బయటి నుంచి వచ్చి వాళ్ల మీద పడుతుంది. "ప్రజల పాలిట మత్తుమందు" అనగానే ఎవరో తెచ్చి ప్రజలకు పట్టించారు అనిపిస్తుంది. జర్మన్ షష్ఠి ఒక్కటే చూస్తే అలా చదవడం అసాధ్యమేమీ కాదు, అక్కడ వ్యాకరణం తీర్పు ఇవ్వదు. చుట్టూ ఉన్న వాక్యాలు ఇస్తాయి.

అందుకని తెలుగు వాక్యాన్ని దాని అసలు స్థానంలో పెట్టి ముందూ వెనకా చదవండి. నాకు బాగా పనికొచ్చిన పరీక్ష ఇదే. ముందు వాక్యాలు చెప్పేది: మతపరమైన వేదన నిజమైన వేదనకు వ్యక్తీకరణ, అదే సమయంలో దానిమీద నిరసన కూడా, మతం అణగారిన ప్రాణి నిట్టూర్పు, హృదయం లేని లోకానికి హృదయం. నిట్టూర్పు ఎవరూ తెచ్చి ఇచ్చేది కాదు, బాధపడేవాడి లోపలి నుంచే వస్తుంది. తర్వాత వచ్చే మాట ఇంకా ముఖ్యం: తమ స్థితి గురించిన భ్రమలు వదులుకోమని ప్రజలను అడగడమంటే, భ్రమలు అవసరమయ్యే స్థితినే వదులుకోమని అడగడం. మందు ఎవరో పట్టిస్తున్నదైతే ఈ వాక్యం ఇక్కడ పొసగదు. పట్టించేవాణ్ని ఆపితే సరిపోతుంది, స్థితిని మార్చాలనే మాట ఎందుకొస్తుంది? "ప్రజల నల్లమందు" అని పెట్టి చదవండి, పేరా ఎక్కడా తెగకుండా నడుస్తుంది.

మరి ఆ "పాలిట" ఎక్కడి నుంచి వచ్చి ఉంటుంది? లెనిన్ 1909లో రాసిన ఒక వ్యాసంలో ఈ మాటను మతం గురించిన మార్క్సిస్టు దృక్పథానికి మూలస్తంభం అంటూనే, మతసంస్థలన్నీ దోపిడీని కాపాడి కార్మికులను మైకంలో ముంచే బూర్జువా సాధనాలని వివరించాడు. "పాలిట" ఈ వివరణకు దగ్గరగా ఉంది. అనువాదకుడు అది చదివాడో లేదో మనకు అక్కర్లేదు. తూకం వేయాల్సింది, 1844 నాటి వాక్యంలోకి 65 ఏళ్ల తర్వాతి వ్యాఖ్యానంలాంటి అర్థం చేరిందా అన్నదే. ఇక్కడ చేరిందనే నా తీర్పు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పై వాక్యాలు చూసి, మార్క్స్ నిజానికి మతాన్ని మెచ్చుకున్నాడని ఈమధ్య కొందరు షేర్ చేస్తున్నారు. అదీ నిలవదు. నల్లమందు వాక్యం వెంటనే మతాన్ని ప్రజల భ్రమాత్మక సుఖం అన్నాడు, నిజమైన సుఖం కావాలంటే అది పోవాలన్నాడు. మీ వాక్యంలో ఆ విమర్శ నిలిచింది, విమర్శ ఎవరివైపు తిరిగిందన్నది మాత్రం మారింది.

కరపత్రంలో చోటుంటే ఇలా వేయమంటాను: "మతం అణగారిన ప్రాణి నిట్టూర్పు, హృదయం లేని లోకానికి హృదయం, ఆత్మ లేని పరిస్థితులకు ఆత్మ. అది ప్రజల నల్లమందు." కింద మార్క్స్ పేరు, 1844, రచన పేరు రాసి, అనువాదం మీ గ్రంథాలయానిదని ఒక ముక్క చేర్చండి. ఒక్క లైనుకే చోటుంటే "మతం ప్రజల నల్లమందు" అని వేయండి. జర్మన్ వచ్చినవాళ్లు మీ ఊళ్లో ఉంటే అచ్చుకి ముందు ఆ పేరా ఒక్కటి చూపించండి, ముఖ్యంగా "హృదయం" అన్నచోట. అక్కడ ఉన్న "గెముట్" అనే జర్మన్ మాటకు మనసు, అంతరంగం అనే అర్థాలు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు వెంట పోయి నేను హృదయం అన్నాను, వాళ్లు ఇంతకంటే మంచి మాట చెప్పగలరేమో అడగండి.