టెక్ సందేహాలు: జీతాల ఫైలు పరాయి మెయిల్‌కి వెళ్లిపోయింది

ప్రశ్న: నేను బెంగళూరులో, మారతహళ్లి దగ్గర ఒక కంపెనీలో హెచ్ఆర్‌లో పని చేస్తున్నాను. నిన్న సాయంత్రం మా వాళ్ల జీతాల ఎక్సెల్ ఫైలును ఆఫీసు ఔట్‌లుక్ నుంచి ఫైనాన్స్‌లో ఒకరికి పంపబోతే, అదే పేరున్న ఇంకొకాయన జీమెయిల్‌కి వెళ్లింది. పోయినేడాది ఇంటర్వ్యూకి వచ్చినాయన, ఒంగోలు అబ్బాయి. ఉద్యోగం ఇవ్వలేదు. రీకాల్ కొట్టాను, పని చేయలేదు. లీగల్ యాక్షన్ తీసుకుంటామని గట్టిగా రాయమని మా మేనేజర్ అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏమని రాయాలి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీది ఆగే పని కాదు కాబట్టి మీకు విడిగా అప్పుడే జవాబు పంపాను. ఇక్కడ రాస్తున్నది మిగతావాళ్ల కోసం కూడా.

రీకాల్ మీద ఇక ఆశ పెట్టుకోకండి. ఔట్‌లుక్‌లో అది మీ సంస్థ లోపలి మెయిల్ బాక్సుల మధ్యే పని చేస్తుంది. జీమెయిల్‌కి చేరిన మెయిల్‌ను వెనక్కి లాగే దారి మీ వైపు లేదు. జీమెయిల్‌లో ఉండే Undo Send కూడా పంపిన మెయిల్‌ను వెనక్కి తేదు. ఎక్కువలో ఎక్కువ 30 సెకన్లు పంపకుండా ఆపి ఉంచుతుంది, అంతే.

అయితే ఉత్తరం రాసే ముందు Sent Items తెరిచి ఒకటి చూడండి. ఫైలు నిజంగా అటాచ్ అయిందా, లేక వన్‌డ్రైవ్ లింకుగా వెళ్లిందా? లింకు అయితే పేరు పక్కన చిన్న మేఘం గుర్తు ఉంటుంది. అప్పుడు వన్‌డ్రైవ్‌లో ఆ ఫైలు Manage Access లోకి వెళ్లి షేరింగ్ ఆపేస్తే, ఆయన అప్పటికే డౌన్‌లోడ్ చేసుకోకపోతే సగం గండం గడిచినట్టే. అసలు కాపీ వెళ్లిపోయి ఉంటే మాత్రం మిగిలింది ఆయన మంచితనమే. మీ Sent కాపీని భయపడి తీసేయకండి. ఏం వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది అన్నదానికి అదే ఆధారం.

తర్వాత, మీ మేనేజర్‌తో పాటు కంపెనీ ఐటీ సెక్యూరిటీ వాళ్లకీ చెప్పండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీక్ లాంటివి తెలిసిన 6 గంటల్లో కంపెనీ ఆ సంస్థకు తెలియజేయాలి. మీ ఫైలు ఆ లెక్కలోకి వస్తుందో రాదో తేల్చాల్సింది వాళ్లు, మీరు కాదు. ఆ మెయిల్ సీసీలో మీ సహోద్యోగులు ఎవరైనా ఉంటే వాళ్లకు ఫోన్ చేసి, రిప్లై ఆల్ కొట్టొద్దని చెప్పండి. ‘అయ్యో, ఇది వేరేవాళ్లకి వెళ్లినట్టుందే’ అని అందరికీ రిప్లై ఇచ్చే పెద్దమనిషి ప్రతి ఆఫీసులో ఒకరుంటారు. ఆ రిప్లై కూడా ఒంగోలు అబ్బాయికే చేరుతుంది.

ఇక ఉత్తరం. మీ మేనేజర్ సలహా నాకు నచ్చలేదు. ఆ ఒంగోలు అబ్బాయి తప్పేమీ చేయలేదు, అడగని ఫైలు ఆయన ఇన్‌బాక్సులో పడింది. పైగా మీ దగ్గర ఉద్యోగం రానివాడు. అలాంటివాడికి బెదిరింపుతో మెయిల్ వస్తే, తీసేద్దామనుకున్నవాడు కూడా అందులో ఏముందోనని ఫైలు తెరుస్తాడు. లేదా ఇదేదో మోసమని పక్కన పెడతాడు. ‘అర్జెంట్, వెంటనే డిలీట్ చేయండి, లేకపోతే చర్య తప్పదు’ అన్నది ఈ రోజుల్లో మోసగాళ్ల మెయిళ్లలో వినిపించే గొంతే కదా. ‘అత్యంత రహస్యం’, ‘జీతాల వివరాలు’ అన్న మాటలు కూడా వద్దు.

ఇంటర్వ్యూలో మీరు ఆయనతో తెలుగులో మాట్లాడి ఉంటే తెలుగులోనే రాయండి. నేనైతే ఇలా రాస్తాను:

> సబ్జెక్ట్: నిన్న సాయంత్రం 6:40కి పొరపాటున మీకు వచ్చిన మెయిల్
>
> నమస్కారం అండీ,
>
> నిన్న సాయంత్రం 6:40కి నా నుంచి ఒక ఎక్సెల్ ఫైలుతో మీకు మెయిల్ వచ్చింది. అది మా ఆఫీసులో ఒకరికి పంపాల్సింది. పేరు ఒకటే కావడంతో మీకు వచ్చింది. పొరపాటు నాదే.
>
> దయచేసి ఆ ఫైలు తెరవకుండా, ఎవరికీ ఫార్వర్డ్ చేయకుండా మెయిల్‌ను డిలీట్ చేయగలరా? తర్వాత Bin (Trash)లో నుంచి కూడా తీసేయండి. ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో డౌన్‌లోడ్ అయి ఉంటే ఆ కాపీ కూడా.
>
> అయ్యాక ‘తీసేశాను’ అని ఒక్క లైను రాస్తే చాలు. ఇప్పటికే తెరిచి ఉన్నా, ఎవరికైనా పంపి ఉన్నా మొహమాటపడకుండా చెప్పండి. మేం చేయాల్సింది మేం చూసుకుంటాం.
>
> ఈ మెయిల్‌లో లింకులు, అటాచ్‌మెంట్లు ఏమీ లేవు. అనుమానం ఉంటే మా కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నా పేరు అడగండి.
>
> ఇబ్బంది పెట్టినందుకు మన్నించండి.

Bin సంగతి ప్రత్యేకంగా రాయడానికి కారణం, జీమెయిల్‌లో డిలీట్ కొట్టిన మెయిల్ 30 రోజులు అక్కడే ఉంటుంది. ఆయన చెప్పింది అబద్ధం కాకపోయినా ఫైలు మాత్రం పోనట్టే. ‘ఇప్పటికే తెరిచి ఉన్నా చెప్పండి’ అన్న వాక్యం తీసేయకండి. తెరిచినవాడికి నిజం చెప్పే దారి ఇవ్వకపోతే ‘తీసేశాను’ అనేసి ఊరుకుంటాడు. మీ ఐటీ వాళ్లకు అన్నిటికంటే కావాల్సిన సమాచారం అక్కడే ఉంది.

దీన్ని కొత్త మెయిల్‌గా, ఆఫీసు అడ్రస్ నుంచే పంపండి. పాత మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి ‘ఇదే, దీన్ని తీసేయండి’ అంటే ఫైలు రెండోసారి వెళ్తుంది. నవ్వకండి, కంగారులో చాలామంది చేసే పనే ఇది. మేనేజర్‌ని, లీగల్ వాళ్లని సీసీలో పెట్టొద్దు. వాళ్లకు కాపీ కావాలంటే తర్వాత విడిగా పంపండి.

రెండు పనిదినాలు జవాబు రాకపోతే ఇంకొక్కసారి, రెండు వాక్యాల్లో గుర్తు చేయండి. మెయిల్ స్పామ్‌లో పడి ఉండొచ్చు. ఆయన రెజ్యూమేలో ఫోన్ నంబరు ఉంటుంది కానీ, అది ఉద్యోగం కోసం ఇచ్చిన నంబరు. దానికి ఫోన్ చేయాలా అన్నది మీ ఆఫీసును అడిగి, సరే అంటే పగటి పూట ఒక్కసారి చేయండి. అప్పటికీ పలకకపోతే తర్వాత ఏం చేయాలో కంపెనీ చూసుకుంటుంది. గట్టి మాటలు అవసరమైతే అవి లీగల్ వాళ్లే రాస్తారు. ‘తీసేశాను’ అని జవాబొచ్చినా అది ఆయన మాటే తప్ప రుజువు కాదు, మీ రిపోర్టులో కూడా అలాగే రాయండి.

ఇది మళ్లీ జరగకుండా, ఔట్‌లుక్‌లో To దగ్గర ఆ పేరు టైప్ చేసి, కింద కనిపించే పాత జీమెయిల్ అడ్రస్ పక్కనున్న X నొక్కండి. అది ఇక సూచనల్లో రాదు. పాత, అంటే క్లాసిక్ ఔట్‌లుక్ వాడుతుంటే Rules లో defer delivery అనే నియమం పెట్టుకుని ప్రతి మెయిల్‌ను 2 నిమిషాలు ఆపి పంపవచ్చు. కొత్త ఔట్‌లుక్‌లో, వెబ్‌లో ఉన్న Undo send గరిష్ఠంగా 10 సెకన్లే. జీతాల ఫైలు విషయంలో దాన్ని నమ్ముకోకుండా ఎక్సెల్‌లోనే File, Info, Protect Workbook, Encrypt with Password అని వెళ్లి తాళం వేయండి. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో కాకుండా ఫోన్లో చెప్పండి.