నాన్న రాసిన నోటును కూతురు తిరగరాయాలా?

ప్రశ్న: ఇంటికి పెద్దదాన్ని నేనే. పదేళ్లుగా ఉద్యోగం చేస్తూ తమ్ముడి చదువు, చెల్లి పెళ్లి నెత్తిన వేసుకున్నాను. 2025 మే నెలలో నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నవంబరులో పోయారు. మేం బాబాయ్ అని పిలిచే ఆయన స్నేహితుడు ఇప్పుడొచ్చి, 12-8-2022న నాన్న రాసిన 4 లక్షల ప్రామిసరీ నోటు చూపించారు. దాని వెనక 20-7-2025న 5 వేలు చెల్లు వేసినట్టు నాన్న సంతకం ఉంది. "పెద్దదానివి నువ్వేగా, నీ పేరున నోటు తిరగరాయి" అంటున్నారు. కొంచెం టైం ఇవ్వండి, నేనే తీరుస్తానని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. తర్వాత లాయర్ నోటీసు వచ్చింది. భయపడి జవాబు ఇవ్వలేదు. చెక్ ఇచ్చి టైం తీసుకోమని తమ్ముడి సలహా. నాన్న కట్టించిన ఇల్లు తప్ప మాకు ఆస్తి లేదు. ఆయన పరువు కూడా నిలబెట్టలేని కూతురినైపోయాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన ముక్క ఒక్కటే, 20-7-2025 అన్న తేదీ. మిగతావి మీ మనసుకు పెద్ద సంగతులే కావచ్చు గానీ, ఈ కేసు తేలేది మాత్రం నోటు వెనక ఉన్న ఆ ఒక్క పంక్తి మీద.

ఎందుకంటే, కోరినప్పుడు చెల్లిస్తానని రాసే మామూలు ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి గడువు నోటు తేదీ నుంచి 3 ఏళ్లు. మీ నాన్నగారి నోటుకు ఆ గడువు 12-8-2025తో ముగిసింది. ఆ లోపల బాకీదారు కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపును తన చేత్తో రాసినా, వేరెవరైనా రాసిన దాని కింద సంతకం పెట్టినా, లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 ప్రకారం ఆ చెల్లింపు రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు మొదలవుతాయి. కాబట్టి ఆ చెల్లు నిజమైతే మీ బాబాయ్‌గారికి 20-7-2028 దాకా దావా వేసే హక్కు ఉంది. నిజం కాకపోతే ఆ నోటుకు మీ నాన్నగారు బతికుండగానే కాలదోషం పట్టింది.

ఇప్పుడు మీరే రాసిన ఇంకో మాట చూడండి. మే నెలలో కుడిచెయ్యి పడిపోయింది అన్నారు. మరి జూలైలో సంతకం ఎవరు పెట్టారు? గడువు ఇంకో మూడు వారాల్లో అయిపోతుందనగా 4 లక్షల బాకీకి 5 వేలు చెల్లు పడటం చూస్తే ఏ లాయరుకైనా అనుమానం వస్తుంది. అయితే ఆ అనుమానమే రుజువు అయిపోదు. నోటు బతికించుకోవడానికి గడువు చివర్లో చిన్న మొత్తం తీసుకుని చెల్లు వేయించుకోవడం అప్పులిచ్చే వాళ్లందరూ చేసేదే, అందులో తప్పేమీ లేదు. కాబట్టి ముందు మీ అమ్మగారిని, తమ్ముడిని కూర్చోబెట్టి సూటిగా అడగండి. ఆ రోజుల్లో ఇంట్లోంచి ఎవరైనా ఆయనకు 5 వేలు ఇచ్చారా? నాన్నగారి ఖాతాలో ఆ మొత్తం తీసినట్టు ఉందా? నాన్నగారి చేత ఎవరైనా వేలిముద్ర గానీ ఎడమచేత్తో సంతకం గానీ చేయించారా? చేయించి ఉంటే ఆ విషయం నాకు కాకపోయినా మీ లాయరుకు దాచకుండా చెప్పండి. అప్పుడు కేసు దారి వేరు.

ఎవరూ ఇవ్వలేదంటే, ఆ సంతకాన్ని దగ్గరగా చూడాలి. పక్షవాతం వచ్చిన మనిషి ఎడమచేత్తో గీస్తే గీతలు వణుకుతాయి, అక్షరాలు విడిపోతాయి. అలా కాక, ఏళ్ల తరబడి బ్యాంకులో పెట్టినట్టు ఒక్క ఊపులో సాఫీగా ఉంటే అది ఆ జూలైలో పెట్టిన సంతకం అయ్యుండదు. ఇంకో సంగతి కూడా జరుగుతుంటుంది. నోటు రాసిన రోజే వెనక ఖాళీ చోట సంతకం తీసుకుని ఉంచుకుంటారు. తర్వాత అవసరం పడ్డప్పుడు పైన తేదీ, మొత్తం నింపుకుంటారు. అలాంటప్పుడు సంతకం అసలైనదే ఉంటుంది, రాత మాత్రం వేరే ఇంకు, వేరే చేయి. పంక్తి సంతకం దగ్గరకొచ్చేసరికి ఇరుక్కుని, అక్షరాలు సన్నబడి ఉంటాయి. వీటిని ఒరిజినల్ మీదే చూడాలి, ఫోటోలో సగం కనిపించవు. అసలు నోటు మీ చేతికిచ్చి చూపించినప్పుడు రెండు వైపులా ఒక ఫోటో తీసుకోవాలని తోచలేదా? మీరే కాదు, నోటు చూపించగానే తలదించుకునే వాళ్లందరూ ఇలాగే చేస్తారు.

మీ చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం ఆసుపత్రి కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ రిపోర్టులు, ఫిజియోథెరపీ చీటీలు, కుడిచెయ్యి ఏ మేరకు పనిచేస్తోందో డాక్టరు రాసిన మాటలు, అన్నీ ఒకచోట పెట్టండి. ఆసుపత్రిలో రికార్డు నకలు ఇప్పుడే అడిగి తీసుకోండి, పాత రికార్డులు వాళ్లు ఎల్లకాలం ఉంచరు. పక్షవాతానికి ముందు, తర్వాత బ్యాంకులో నాన్నగారు పెట్టిన సంతకాలు దొరికితే పోల్చి చూడటానికి పనికొస్తాయి. చెల్లు వల్ల గడువు పెరిగిందని చెప్పుకునేది అప్పిచ్చినవాడే కాబట్టి అది నిజమని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా ఆయనదే.

ఇక వాట్సాప్ మెసేజ్. లాయరును అడగకముందే "నేనే తీరుస్తా" అని ఎందుకు రాశారమ్మా? గడువు దాటాక పెట్టిన మెసేజ్ పాత నోటుకు ప్రాణం పోయదు. బాకీ ఒప్పుకోలు గడువు లోపలే ఉండాలి, సంతకంతో ఉండాలి. అయినా అవతలి లాయరు దాన్ని ప్రింటు తీసి దావాకు జత చేస్తారు, దాని మీద వాదన సాగుతుంది. ఇకనుంచి ఆయనకు ఒక్క ముక్క కూడా రాయకండి, పాతవి చెరిపేయకండి కూడా.

ఇప్పుడు మీరు చేయబోతున్న అసలు తప్పు. నోటు తిరగరాయకండి. తమ్ముడి మాట విని చెక్ ఇవ్వకండి. కాలదోషం పట్టిన బాకీ కడతానని కాగితం మీద రాసి సంతకం పెడితే, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లే ఒప్పందం అవుతుంది. మీ పేరున కొత్త ప్రోనోటు రాశారంటే మీరే డబ్బు తీసుకున్నారని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించే పని మీ మీద పడుతుంది. అప్పుడు నాన్నగారి కుడిచెయ్యి కథ ఎవరూ వినరు. చెక్ ఇంకా ప్రమాదం. ఖాతాలో డబ్బు లేక అది వెనక్కి వచ్చి, నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద క్రిమినల్ కేసు. రెండేళ్ల దాకా జైలు, చెక్ మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడొచ్చు. ఖాళీ చెక్ మీద సంతకం పెట్టి ఇష్టపూర్వకంగా ఇచ్చినా అది బాకీ కోసమే ఇచ్చారని అనుకోవాల్సి ఉంటుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్నగారి సివిల్ బాకీని మీ క్రిమినల్ కేసుగా మార్చుకోకండి. తమ్ముడికి అంత ధైర్యముంటే తన చెక్ ఇమ్మనండి.

పెద్దబిడ్డ అయినంత మాత్రాన తండ్రి బాకీ మీ జీతం మీదకు రాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అనే పాత సూత్రాన్ని పట్టుకుని కొడుకుల మీదకు వెళ్లడాన్ని కూడా హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ 9-9-2005 నుంచి తీసుకున్న అప్పుల విషయంలో ఆపేసింది. ఇక కూతురి సంగతి చెప్పాలా! వారసులు చెల్లించాల్సింది చనిపోయినవారి నుంచి తమకు వచ్చిన ఆస్తి మేరకే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 50, 52 చెప్పేది అదే. నాన్నగారు సొంతంగా కట్టించి, వీలునామా రాయకుండా పోయారంటే, ఆ ఇంట్లో అమ్మగారికి, మీకు, తమ్ముడికి, చెల్లికి తలా నాలుగో వంతు (నాయనమ్మ ఉంటే ఆవిడకూ సమాన వాటా). బాకీ నిలిస్తే దాన్ని భరించేది ఆ ఇల్లు, అంటే వారసులందరూ. ఒక్క జాగ్రత్త. ఈ గొడవ నడుస్తుండగా ఇంటిని అమ్మడం, ఎవరి పేరునో రాసేయడం, నాన్నగారి ఖాతాలో డబ్బు లెక్క లేకుండా తీసేయడం చేయకండి. లెక్క చూపించలేకపోతే ఆ విలువ మేరకు మిమ్మల్ని సొంతంగా బాధ్యుల్ని చేయొచ్చు.

చెల్లు దొంగదే అయినా, నాన్న అప్పు తీసుకున్న మాట మాత్రం నిజం, తీర్చకపోతే నాకు నిద్ర పట్టదు అంటారేమో. కాలదోషం పడితే దావా హక్కు పోతుంది గానీ బాకీ మాయం కాదు. తీర్చుకోవచ్చు, చట్టం అడ్డుపడదు. కాకపోతే ఒకటి తెలుసుకుని తీర్చండి. కోర్టుకు వెళ్లి వసూలు చేసుకోవడానికి వీల్లేని బాకీని మీరొక్కరే కట్టేస్తే, తర్వాత తమ్ముడూ చెల్లీ వాటా ఇవ్వాలని దావా వేయడానికి మీకు దారి ఉండదు. వాళ్లు చట్టప్రకారం కట్టాల్సిన డబ్బు మీరు కట్టినట్టు కాదు గదా. అందుకని ముందు నలుగురూ కూర్చుని ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి, ఆ తర్వాతే ఆయనతో మాట్లాడండి. కట్టేదేదో ఒకేసారి, బ్యాంకు ద్వారా కట్టి, ఒరిజినల్ నోటు వెనక్కి తీసుకుని, బాకీ పూర్తిగా ముట్టిందని రసీదు రాయించుకోవాలి. నెలనెలా కొంచెం కొంచెం కట్టే ఏర్పాటుకు, దానికోసం ఇంకో కాగితానికి ఒప్పుకోవద్దు.

నోటీసుకు జవాబు ఆలస్యమైనా ఈ వారంలోనే లాయరు చేత ఇప్పించండి. జవాబు లేకపోతే మీరు ఒప్పుకున్నట్టేనని కోర్టులో అంటారు. జవాబు పొడుగ్గా అక్కర్లేదు. అప్పు సంగతి మీకు తెలియదని, 20-7-2025 నాటి చెల్లును, సంతకాన్ని ఒప్పుకోవడం లేదని, ఆ తేదీకి నాన్నగారి కుడిచెయ్యి పనిచేయడం లేదని, సొంతంగా మీకు బాధ్యత లేదని, నోటు రెండు వైపుల నకళ్లు పంపమని రాస్తే చాలు. "బాకీ ఉన్న మాట నిజమే గానీ" అన్న వాక్యం అందులో ఎక్కడా రాకూడదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

దావా పడితే సమన్లు మీ నలుగురి పేర్లతో వస్తాయి. అందిన 30 రోజుల్లో మీ జవాబును ప్రతివాద పత్రంగా దాఖలు చేయాలి, కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా గడువు దొరుకుతుంది. ఈ నోటీసును పక్కన పడేసినట్టు సమన్లను కూడా పడేస్తే, అవతలివాళ్లు చెప్పిందే రికార్డుకెక్కి, మీ మాట వినకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, వస్తుంది. దొంగ చెల్లు కేసుల్లో ఎక్కువమంది ఓడిపోయేది అక్కడే. చెల్లి వేరే చోట ఉంటే తన పేరున వచ్చిన సమన్లు తానే తీసుకుని, ఆ రోజే మీకు ఫోన్ చేయమని ఇప్పుడే చెప్పి ఉంచండి.