36 రూపాయల 30 పైసల తేడా ఎక్కడ దాక్కుంది?

ప్రశ్న: రాయగడలో చిన్న కిరాణా కొట్టు మాది. జూన్ నెలాఖరుకు నా పుస్తకంలో కంటే బ్యాంకులో 36.30 ఎక్కువ ఉంది. ఏప్రిల్ నుంచి ప్రతి ఎంట్రీకీ టిక్ పెట్టాను, ఏదీ మిగల్లేదు. రౌండాఫ్ అని రాసేయమంటున్నారు. ఇంటి డబ్బు, కొట్టు డబ్బు అంతా ఈ ఖాతాలోనే ఉంది. దసరా సరుకుకు చాలకపోతే డైలీ ఫైనాన్స్ తీసుకోవచ్చా సార్?

జవాబు: రౌండాఫ్ రాయకండి. చిన్న తేడా అంటే చిన్న తప్పు అని చాలామంది అనుకుంటారు. ఎదురెదురు తప్పులు రెండు కొట్టేసుకుని మిగిలింది కూడా చిన్నగానే కనిపిస్తుంది. మీరు పంపిన కాగితాల్లో జరిగింది అదే.

ముందు ఏ నెలాఖరుకు ఎంత తేడా ఉందో చూశాను. ఏప్రిల్, మే చివర్లో మీ పుస్తకమే 17.70 ఎక్కువ. మారకుండా వస్తున్న తేడా అంటే అది మే నెలకు ముందే పుట్టింది, ఏప్రిల్ ఒకటికి ముందు కూడా కావచ్చు. మార్చిలో ఇచ్చి ఏప్రిల్‌లో పాసైన చెక్కులు మీకు లేవు కాబట్టి ఏప్రిల్ ఒకటి నాటి ప్రారంభ నిల్వ రెండుచోట్లా ఒకటే ఉండాలి, కానీ లేదు. మార్చి 31న బ్యాంకు ఎస్సెమ్మెస్ చార్జీ 15, దాని మీద 18 శాతం జీఎస్టీ 2.70 కోసుకుంది. మీరు టిక్ పెట్టిన పేజీల్లో అది లేనే లేదు.

జూన్‌లో ఆ 17.70 పోయి, బ్యాంకే 36.30 ఎక్కువైంది. అంటే ఆ ఒక్క నెలలో 54 తిరగబడింది. 54ని 9తో భాగిస్తే 6 వస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ 9తో భాగమవుతుంది (యాదృచ్ఛికంగానూ కావచ్చు, అందుకే కాగితంలో చూసి తీరాలి). చివరి రెండు అంకెల మధ్య 6 తేడా ఉన్న ఎంట్రీలే వెతికాను. హోటల్ వాళ్లు ఫోన్‌పేలో వేసింది 1,482, మీరు రాసింది 1,428. పేరు, తేదీ కలిశాయని టిక్ పెట్టేశారు, అంకె చదవలేదు.

17.70ని బ్యాంకు చార్జీల్లో రాయండి, వసూలును 1,482కు దిద్దండి. లేకపోతే ఆ హోటల్ ఖాతాలో 54 బాకీ నిలిచి, కట్టేసిన మనిషిని మళ్లీ అడుగుతారు.

నన్ను కలవరపెట్టింది మాత్రం మీ చివరి మాటలు. ఇల్లూ కొట్టూ ఒకే ఖాతాలో ఉంటే అత్యవసర నిధి అనేదే ఉండదు, ఉన్నట్టు అనిపిస్తుందంతే. అద్దె, జీతం, కరెంటు, ఇంటి ఖర్చు కలిపి మూడు నెలలకు సరిపడా వేరే సేవింగ్స్ ఖాతాలో పెట్టండి, దానికి యూపీఐ కలపకండి. ఒకేసారి కుదరకపోతే సంత రోజు అమ్మకంలోంచి వారం వారం తీయండి. సరుకుకు ఆ డబ్బు తాకవద్దు. చాలకపోతే సరుకు తగ్గించండి, లేదా బ్యాంకులో ఓడీ, అంటే ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పు, అడగండి.

డైలీ ఫైనాన్స్ వద్దు. 10,000 రాయించుకుని చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేస్తే ఏడాది వడ్డీ 80 శాతానికి దగ్గరగా పడుతుంది. కిరాణా లాభం దాన్ని ఏ పండక్కీ మోయలేదు.