ఓడీ వడ్డీ లెక్క బ్యాంకుతో కలవకపోతే తేడా ఎక్కడ వెతకాలి?

మా వ్యాపారం కరెంట్ ఖాతాలో ఓడీ వాడతాం. వడ్డీ 12 శాతం. నా లెక్కకి 1,972.60 వస్తే బ్యాంకు 2,054.79 కోసింది. ఎవరిది తప్పు?

ముందు మీ లెక్కే చూద్దాం. రోజు చివర వాడకంలో ఉన్న మొత్తాన్ని, అది అలా ఉన్న రోజులతో గుణించాలి. సెలవు రోజులకీ ముందురోజు బ్యాలెన్సే కొనసాగుతుంది. ఖాతాలో మీ డబ్బే మిగిలిన రోజులకు సున్నా వేయాలి, మైనస్ కాదు. చాలామంది ఇక్కడే జారతారు.

30 రోజుల నెలలో మొదటి 10 రోజులు 2,00,000, తర్వాత 8 రోజులు 3,50,000, మిగతా 12 రోజులు 1,00,000 వాడారనుకోండి. గుణించి కూడితే 60,00,000. దాన్ని 12తో గుణించి 36,500తో భాగిస్తే మీ 1,972.60 వస్తుంది.

ఇక తేడా 82.19. దీన్ని వెనక్కి తిప్పండి:

```
82.19 × 36500 / 12 ≈ 2,50,000
```

19న మీరు ఖాతాలో జమ వేసిన చెక్కు సరిగ్గా 2,50,000 అయితే దొంగ దొరికినట్టే. స్టేట్‌మెంట్‌లో ఎంట్రీ 19న కనబడినా, వడ్డీ లెక్కకి బ్యాంకు తీసుకునే తేదీ, అంటే వాల్యూ డేట్, 20 అయి ఉంటుంది. అంటే ఆ మొత్తానికి ఒక రోజు వడ్డీ ఎక్కువ పడింది. చెక్కు క్లియర్ అయ్యేదాకా వడ్డీ వేయడం మామూలే, కాబట్టి బ్యాంకుతో గొడవకి దిగేముందు వాల్యూ డేట్ కాలమ్ ఉన్న స్టేట్‌మెంట్ అడగండి. నగదు జమకీ ఇలాగే చేస్తే మాత్రం రాతపూర్వకంగా నిలదీయొచ్చు.

బ్యాంకు 2,000 కోసి ఉంటే కారణం వేరు: ఏడాదిని 360 రోజులుగా లెక్కేసినట్టు. అది ఒప్పందంలో రాసి ఉందో లేదో చూడాలి.