ఫోటోలో ట్యాగ్ చెరిపితే కేసు అవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది గుంటూరు. సూరత్ నుంచి, హైదరాబాద్ నుంచి కుర్తీలు, చీరలు తెప్పించి సొంత వెబ్‌సైట్‌లోనూ, ఒక పెద్ద షాపింగ్ యాప్‌లోనూ అమ్ముతున్నాను. ఫోటోలు నీట్‌గా కనబడాలని ధర ట్యాగ్‌లు, స్టిక్కర్లు, వేలాడే దారాలు ఎడిటింగ్‌లో తీసేస్తాను. మొన్న ఒకావిడ ఒక కుర్తీ తీసుకున్నారు. అది చేతికొచ్చాక "ట్యాగ్ మీద 999 ఉంది, మీరు 1,150 తీసుకున్నారు, కావాలనే ఫోటోలో ట్యాగ్ చెరిపేశారు, కన్స్యూమర్ కోర్టుకు వెళ్తా" అని మెసేజ్ పెట్టారు. ఫోటోలో ట్యాగ్ తీసేయడం నేరమా? ఇప్పుడు నేనేం చేయాలి?

జవాబు: ఫోటోలోంచి ట్యాగ్ తీసేయడం ఒక్కటే అయితే నేరం కాదు. తూనికలు, కొలతలకు సంబంధించిన 2011 నాటి లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) రూల్స్‌లో 18(5) నిబంధన, తయారీదారు వేసిన ధరను హోల్‌సేలరు గానీ రిటైలరు గానీ చెరపకూడదు, మసకబార్చకూడదు, మార్చకూడదు అంటుంది. అది ప్యాకెట్ మీద, లేబుల్ మీద ఉన్న ధర గురించి. మీ ఎడిటింగ్ ఆ కుర్తీకి వేలాడే అట్టముక్కను ముట్టుకోలేదు, ట్యాగ్ భద్రంగా ఆవిడ చేతికి చేరింది కూడా. కాబట్టి ఈ నిబంధన మీకు వర్తించదు.

మీరు ఇరుక్కున్నది వేరేచోట. అదే రూల్స్‌లో 18(2) ప్రకారం రిటైలరు ఎమ్మార్పీకి మించి అమ్మకూడదు. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిసిన ధర, అందుకే "జీఎస్టీ కలిపితే అంతయింది" అనే వాదన నిలబడదు. డెలివరీ చార్జీ బట్ట ధరలో భాగం కాదు కనుక విడిగా తీసుకోవచ్చు. కాకపోతే డబ్బు కట్టే ముందే పేజీలో అది విడిగా కనబడాలి, బిల్లులోనూ విడి లైనుగా ఉండాలి. మీ బిల్లు తీసి చూడండి. "కుర్తీ 999, డెలివరీ 151" అని ఉంటే మీకు జవాబు ఉంది. "కుర్తీ 1,150" అని ఒకే లైను ఉంటే, ఆ 151 రూపాయలు ఎమ్మార్పీ మీద ఎక్కువ తీసుకున్నట్టే. అప్పుడు ఫోటోలో ట్యాగ్ లేకపోవడాన్ని ఆవిడ లాయరు "ధర తెలియకుండా దాచారు" అని చూపిస్తారు. మామూలుగా తప్పు కాని పని, పక్కన ఇంకో తప్పు ఉంటే దానికి సాక్ష్యంగా మారడమంటే ఇదే.

అందువల్ల అసలు చూసుకోవాల్సింది, ఫోటోలోంచి తీసేసిన సమాచారం పేజీలో ఇంకెక్కడైనా ఉందా లేదా అన్నది. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 6(10) నిబంధన ప్రకారం, ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలు ఆన్‌లైన్ అమ్మకపు పేజీలోనూ చూపించాలి. తయారైన నెల, సంవత్సరానికి మాత్రం ఇక్కడ మినహాయింపు ఉంది. బట్టల విషయంలో ప్రధానంగా కావలసినవి: తయారీదారు లేదా మార్కెటింగ్ చేసే సంస్థ పేరు, చిరునామా, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో, ఎమ్మార్పీ, సైజు, అంటే ఎస్, ఎం, ఎల్ లాంటి గుర్తుతో పాటు సెంటీమీటర్లలో లేదా మీటర్లలో కొలత, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఈమెయిలు. విడిగా, ప్యాకింగ్ లేకుండా అమ్మే రెడీమేడ్ బట్టలకు 2022 సవరణలో కొన్ని వివరాల నుంచి సడలింపు ఇచ్చారు గానీ, ఇప్పుడు చెప్పినవి ఆ సడలింపు తర్వాత కూడా మిగిలాయి. యాప్‌లో అమ్మినా ఈ భారం మీదే. వివరాల బాధ్యత అమ్మకందారుదని యాప్ నిర్వాహకుడు తప్పుకునే వీలు అదే నిబంధనలో ఉంది. సొంత వెబ్‌సైట్‌లోనైతే ఆ భారం పంచుకునేవారే లేరు.

దీనికి తేలిక మార్గం ఉంది. చాలా యాప్‌లు మొదటి ఫోటోలో ధరలు, స్టిక్కర్లు, వాటర్‌మార్కులు ఉంటే ఒప్పుకోవు, మిగతా ఫోటోలకు అంత పట్టింపు ఉండదు. మొదటి నాలుగు ఫోటోలు శుభ్రంగా పెట్టండి. చివరిది ట్యాగ్‌కు దగ్గరగా, అక్షరాలు చదవగలిగేలా తీయండి. అవే వివరాలు వర్ణనలో టైపు చేయండి. ఫోటో ఒక్కటే పెడితే ఫోన్‌లో చిన్నదై చదవడం కుదరకపోవచ్చు.

పై ధరను కొట్టేసి కింద "ఆఫర్ ధర" వేసే అలవాటు ఉంటే ఇక్కడే సరిచేసుకోండి. ట్యాగ్ మీద 999 ఉండగా పేజీలో 2,499ని కొట్టేసి 949 అని చూపిస్తే, అది 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(28) చెప్పే తప్పుదోవ పట్టించే ప్రకటన, సెక్షన్ 2(47) చెప్పే అనుచిత వ్యాపార పద్ధతి కూడా. ట్యాగ్ చెరిపిన ఫోటో ఉంటే అది తెలియక జరిగిందని చెప్పుకోవడానికి మీకు దారి ఉండదు.

ఇక దారాలు, స్టిక్కర్లు. ఎడిటింగ్ చేసే పిల్లలు తెలియక చిక్కు తెచ్చిపెట్టేది ఇక్కడే. బట్ట మీద కనబడే ప్రతి స్టిక్కరూ ధర స్టిక్కరు కాదు. గార్మెంట్ యూనిట్లలో చెకింగ్ చేసేవాళ్లు కుట్టు తప్పినచోట, మరక ఉన్నచోట బాణం గుర్తు ఉన్న చిన్న ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. థాన్లలో అయితే అంచు దగ్గర ముడి వేసిన చిన్న రంగు దారం ఉంటుంది. దానికి ఎదురుగా నేతలో ఎక్కడో లోపం ఉందని అర్థం. ఇలాంటి సరుకు హోల్‌సేల్‌లో తక్కువ ధరకు వస్తుంది. ఫోటో ఎడిట్ చేసేవాడికి ఇది తెలియదు. బాణం స్టిక్కరు మీద హీలింగ్ బ్రష్ తిప్పుతాడు, దాంతో స్టిక్కరూ పోతుంది, అది చూపిస్తున్న చిన్న చిరుగూ పోతుంది. అప్పుడు ఫోటోలో లోపం లేని బట్ట, పార్సిల్‌లో లోపం ఉన్న బట్ట. 2020 ఈ-కామర్స్ రూల్స్‌లో 6వ నిబంధన ప్రకారం ప్రకటన వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలి. లోపం ఉన్నా, చూపించినట్టు లేకపోయినా అమ్మకందారు వెనక్కి తీసుకోనని అనకూడదు. "నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్" అని మీరు పేజీలో ఎంత పెద్దక్షరాలతో రాసినా దీని ముందు చెల్లదు. కాబట్టి ఎడిటింగ్‌కు పంపే ముందే బట్టను చేతిలోకి తీసుకుని స్టిక్కరు కింద, దారానికి ఎదురుగా వెలుతురులో చూడండి. లోపం ఉంటే ఆ ఫోటోను అలాగే ఉంచి "చిన్న నేత లోపం" అని రాసి అమ్మండి. సెకండ్స్ అమ్మడం తప్పు కాదు.

"ఆర్ట్ సిల్క్", "పాలీ సిల్క్" అని కృత్రిమ పట్టు మీద ఉండే స్టిక్కర్ల సంగతీ అంతే. ఆ స్టిక్కరు చెరిపి పేజీలో "సిల్క్ చీర" అని మాత్రమే రాస్తే, మీరు చెరిపింది ధర స్టిక్కరు కాదు, బట్ట దేనితో నేసిందో చెప్పే మాట. సిల్క్ మార్క్ ట్యాగ్ ఉన్న చీరకైతే ఆ ట్యాగ్ ఫోటోలో కనబడటమే మీకు లాభం. దాన్ని చెరపడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ఎడిటింగ్‌లో ఎంతవరకు వెళ్లొచ్చు అంటే, ట్యాగ్, దారం ఉన్న చోటు మాత్రమే మారాలి. బట్ట మారకూడదు. సాదా కాటన్ మీద హీలింగ్ బ్రష్ శుభ్రంగా పనిచేస్తుంది. పోచంపల్లి ఇక్కత్, కలంకారీ, బుటా చీరల మీద అయితే పక్క డిజైన్‌ని తెచ్చి అతికిస్తుంది. ఒక బుటా మాయమవుతుంది, లేదా లేనిది పుడుతుంది. అలాంటి చోట క్లోన్ స్టాంప్‌తో అదే డిజైన్ మళ్లీ వచ్చే చోటునుంచి తీసుకోవాలి. తర్వాత వంద శాతం జూమ్‌లో అసలు ఫోటో పక్కన పెట్టి, బుటాలు, అంచు గీతలు లెక్క సరిపోయాయో లేదో చూడాలి. రంగు కూడా ఒకలాగే ఉండాలి. ఇంత తిప్పలు పడేకంటే ఫోటో తీసేటప్పుడే ట్యాగ్‌ని మెడ లోపలికో, చంకలోపలికో తోసేయడం మేలు. ప్లాస్టిక్ పిన్ మాత్రం కత్తిరించకండి. ఆ ట్యాగ్ కస్టమర్‌కి బట్టతో పాటే వెళ్లాలి.

ఫోటో మీరే తీశారా అన్నది ఇంకో సంగతి. సూరత్ హోల్‌సేలరు వాట్సాప్ గ్రూపులో పెట్టే కేటలాగ్ ఫోటోల మీద మూలన పేరు, ఫోన్ నంబరు ఉంటాయి. ధర ట్యాగ్‌తో పాటు దాన్నీ చెరిపేస్తుంటారు. కాపీరైట్ చట్టం సెక్షన్ 65బి ప్రకారం హక్కుదారుణ్ని తెలిపే సమాచారాన్ని అనుమతి లేకుండా, తెలిసి తీసేస్తే రెండేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. కనీసం "ఫోటోలు ఎడిట్ చేసి మా సైట్‌లో వాడుకోవచ్చా" అని అడిగి వాళ్ల జవాబు మెసేజ్ దాచుకోండి. బ్రాండు బట్టలైతే ఫోటోలో బ్రాండ్ లేబుల్ తీసి మీ దుకాణం పేరు అంటించకండి. అసలు సరుకును అసలు పేరుతో మళ్లీ అమ్ముకోవడానికి ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 30(3) రక్షణ ఇస్తుంది. పేరు మార్చి అమ్మేవారికి ఆ రక్షణ దొరకదు.

ఇప్పుడు మీ కేసు. ముందు పేజీలో 1,150 తీసేసి సరిచేయండి. అయితే అంతకు ముందే పాత పేజీ స్క్రీన్‌షాట్లు, ఎడిట్ చేయని అసలు ఫోటో, బిల్లు, పార్సిల్ వివరాలు దాచుకోండి. సాక్ష్యాలు మాయం చేశారన్న మాట రాకూడదు. అసలు ఫోటో ఫైలుకు హ్యాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుస, తీసి పెట్టుకుంటే మంచిది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ రాయాలి. విండోస్‌లో ఫోటో ఉన్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి, ఫైలు పేరు మీది పెట్టుకోండి:

```
certutil -hashfile IMG_1023.JPG SHA256
```

64 అక్షరాల పొడవున్న వరుస వస్తుంది. దాన్ని తేదీతో రాసి పెట్టుకోండి. ఆ ఫైలును తర్వాత క్రాప్ చేసినా, తిప్పి సేవ్ చేసినా ఆ వరుస మారిపోతుంది, అందుకే అసలును ముట్టుకోకుండా కాపీ మీదే ఎడిట్ చేయాలి.

ఆవిడకు ఫోన్‌లో వాదించకుండా లిఖితంగా జవాబివ్వండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. బిల్లులో డెలివరీ విడిగా లేకపోతే 151 రూపాయలు వెంటనే ఆన్‌లైన్‌లో వెనక్కి పంపండి. కుర్తీ వద్దంటే పూర్తి డబ్బు ఇచ్చి మీ ఖర్చుతో తెప్పించుకోండి. "ట్యాగ్ ఫోటోలో కనబడకపోయినా బట్టతో పంపాం, ధర పేజీలో సరిచేశాం" అని ఒక వాక్యం చాలు, మిగతా వివరణలొద్దు. ఆవిడ తన ఊరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు వేయొచ్చు, ఐదు లక్షల లోపు సొమ్ముకు ఫీజు కూడా ఉండదు. కాబట్టి "ఇంత చిన్న మొత్తానికి ఎవరు వెళ్తారులే" అనుకోవద్దు. లీగల్ మెట్రాలజీ ఇన్‌స్పెక్టర్ నుంచి నోటీసు వస్తే మాత్రం దానికి జవాబు విడిగా ఇవ్వాలి. కస్టమర్‌కి డబ్బు వెనక్కిచ్చినంత మాత్రాన ఆ కేసు దానంతటదే మూతపడదు. అప్పుడు బిల్లు, సరిచేసిన పేజీ, ఆవిడకు డబ్బు వెళ్లినట్టు రసీదు పట్టుకుని గడువులోపే ఆఫీసుకు వెళ్లండి.