దెబ్బ పడగానే ఊరుకుంటాడు, కాసేపటికి మళ్లీ మొదలు

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 61 ఏళ్లు. మా అమ్మాయి వాళ్లింట్లోనే ఉంటున్నాను. మనవడికి ఐదేళ్లు. మాట వినడం లేదని మా అమ్మాయి వాణ్ణి దాదాపు రోజూ కొడుతోంది. దెబ్బ పడగానే ఊరుకుంటాడు, కాసేపటికి మళ్లీ అదే పని. ఈమధ్య చెల్లెల్ని కొట్టడం మొదలుపెట్టాడు. 'కొట్టకే' అంటే 'చిన్నప్పుడు నువ్వు నన్ను కొట్టలేదా? నేను బాగా లేనా?' అంటోంది. నిజమే, నేనూ కొట్టాను. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో 'కాసేపటికి' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అమెరికాలో కొందరు పరిశోధకులు 33 మంది తల్లులకు చిన్న రికార్డర్లు ఇచ్చి, సాయంత్రం వేళ ఇంట్లో పిల్లలతో ఏం జరుగుతుందో విన్నారు. ఆ వివరాలు 2014లో అచ్చయ్యాయి. పిల్లల మీద చెయ్యి పడిన సందర్భాలు 41 దొరికాయి. వాటిలో నూటికి 73 సార్లు, పది నిమిషాలు తిరక్కుండానే పిల్లలు మళ్లీ అల్లరికి దిగారు. మీ ఇంట్లో మీరు చూస్తున్నదీ అదే.

దెబ్బ పిల్లవాణ్ణి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఆ భయానికి చేస్తున్న పని ఆగుతుంది. కానీ దాని బదులు ఏం చేయాలో దెబ్బ చెప్పదు. 'బొమ్మ కావాలంటే లాక్కోకుండా ఎలా అడగాలి' అన్నది వాడికి అంతకుముందు తెలియదు, ఆ తర్వాతా తెలియదు. ఇక్కడ ఇంకొకటి కూడా జరుగుతుంది. దాన్ని చాలామంది గమనించరు. దెబ్బ పడిన వెంటనే ఇల్లు నిశ్శబ్దమవుతుంది, అమ్మకు ప్రాణం తెరిపిన పడుతుంది. ఆ రెండు నిమిషాల ఊరట ఆమె చేతికి అలవాటవుతుంది. 'కొడితేనే వింటాడు' అనే నమ్మకం అలా గట్టిపడుతుంది. మీ అమ్మాయి అబద్ధం చెప్పడం లేదు. ఆమె కళ్లకు కనిపిస్తున్నది ఆ రెండు నిమిషాలే.

చెల్లెలి సంగతి కూడా ఇందులోదే. కోపం వచ్చినప్పుడు పెద్దవాళ్లు చిన్నవాళ్లను కొట్టొచ్చని వాడు రోజూ చూస్తున్నాడు. ఇంట్లో వాడికంటే చిన్నది చెల్లెలే కదా.

'నేను బాగా లేనా' అన్న మాటను కొట్టిపారేయకండి. దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది చక్కగా స్థిరపడ్డారు. చెయ్యి చాచి కొట్టే మామూలు దెబ్బల మీద వచ్చిన 75 అధ్యయనాలను, అంటే లక్షా అరవై వేల మంది పిల్లల సమాచారాన్ని 2016లో ఒకచోట చేర్చి చూశారు. దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు, మొండితనం, దిగులు ఎక్కువగా, తల్లిదండ్రులతో దగ్గరితనం తక్కువగా కనిపించాయి. ఒక్కో బిడ్డలో ఆ తేడా పెద్దదేమీ కాదు. 'అల్లరి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా' అని మీరు అడగొచ్చు. అదీ నిజమే. అయితే మొదట్లో ఎంత అల్లరి ఉందో లెక్కలోకి తీసుకుని, ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లోనూ, ఎక్కువ దెబ్బలు తిన్నవాళ్లలో దూకుడు పెరుగుతూ వచ్చింది.

ఈ లెక్కలన్నీ మీ కోసం చెప్పాను. అమ్మాయి ముందు పెట్టొద్దు. పెడితే తను మీ ముందు దోషిగా నిలబడినట్టవుతుంది, తర్వాత మీరేం చెప్పినా వినదు. కొట్టిన నిమిషంలోనూ, పిల్లాడి ఎదుటా మాట్లాడొద్దు. పిల్లలు నిద్రపోయాక, మీరిద్దరే ఉన్నప్పుడు, మీ వైపు నుంచి మొదలుపెట్టండి. మీకు గుర్తున్న ఒక్క సంగతి చెప్పండి. 'ఆ రోజు నిన్ను కొట్టాక నువ్వు ఏడుస్తూ మళ్లీ నా దగ్గరికే వచ్చావు. నాకప్పుడు ఇంకో దారి తెలియలేదు. నిన్ను కొట్టకుండా ఉండాల్సింది.' మీరు నిజంగా అనుకుంటున్నదైతేనే చెప్పండి. చెప్పాక ఆగండి. తను ఏడవచ్చు, 'ఇప్పుడెందుకివన్నీ' అని విసుక్కోవచ్చు. 'అందుకే నువ్వూ కొట్టకు' అని మాత్రం దానికి తగిలించకండి. ఏ ముఖంతో అన్నారు కదా, ఈ మాట చెప్పగలిగింది కొట్టిన అమ్మగా మీరొక్కరే.

మర్నాడో, రెండు రోజులకో ఒక్క ప్రశ్న అడగండి: 'వాడు నిన్ను ఏ టైంలో ఎక్కువ విసిగిస్తున్నాడు?' ఇద్దరూ కలిసి ఒక వారం నోట్‌బుక్‌లో రాయండి. ఎన్ని గంటలకు, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఎంతసేపటికి మళ్లీ మొదలైంది అని. నా దగ్గరికి వచ్చిన ఒక తల్లి ఇలా రాసుకొచ్చింది. పది రోజుల్లో 14 గొడవలైతే, అందులో 11 ఆమె ఆఫీసు నుంచి వచ్చాక, రాత్రి భోజనానికి ముందే. తను వంటింట్లోంచి 'ఆ ఫోన్ పెట్టెయ్' అని అరుస్తుంది, ఐదారు సార్లు. ఏడోసారి చెయ్యి ఎత్తుకుని వస్తుంది. మొదటి ఆరు పిలుపులకు విలువ లేదని పిల్లాడికి బాగా తెలుసు. ఆ కాగితం చూసి ఆవిడే అంది, 'అయితే నేనే నేర్పానన్నమాట' అని.

మేం మార్పించింది కొంచెమే, మీ ఇంట్లోనూ ఇవే చేసి చూడండి. ఇంటికి రాగానే మొదటి పది నిమిషాలు ఫోన్ పక్కన పెట్టి వాడితో కూర్చోవడం. ఏదైనా చెప్పాలంటే దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, ఒక్క పనే చెప్పి, మనసులో ఐదు లెక్కపెట్టే దాకా నోరు మెదపకపోవడం. వాడు కదిలితే 'వెంటనే పెట్టేశావే' అని ఆ పని పేరు పెట్టి మెచ్చుకోవడం. చెల్లెల్ని కొడితే చెయ్యి పట్టుకుని 'కొట్టనివ్వను' అని, ముందు చెల్లెల్ని ఎత్తుకుని ఓదార్చడం, గొడవకు కారణమైన బొమ్మను ఆ పూటకు పైన పెట్టేయడం. ఉపన్యాసం అక్కర్లేదు.

మొదటి వారం, పది రోజులు అల్లరి పెరగొచ్చు. ఇది మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. పాత దారి పనిచేయనప్పుడు పిల్లలు దాన్నే ఇంకా గట్టిగా వాడి చూస్తారు. చాలామంది సరిగ్గా ఇక్కడే 'ఇవన్నీ మనకు కుదరవు' అని మళ్లీ చెయ్యి ఎత్తుతారు. అలాంటప్పుడు తను 'అమ్మా, నువ్వు చూడు' అని ఒక్క మాట అంటే చాలు, మీరు వచ్చి పిల్లాణ్ణి చూసుకునేలా, తను పక్కగదిలోకి వెళ్లేలా ముందే అనుకోండి. ఒక రోజు చెయ్యి జారితే ఆ రాత్రి వాడితో 'కొట్టడం నా తప్పు' అని చెప్పమనండి. మీరు మాత్రం వాడి దగ్గర 'మీ అమ్మ అంతే' అనకండి. వాడు మీ ఇద్దరి మధ్యా నలిగిపోతాడు.

తల మీద, ముఖం మీద కొట్టడం, కర్రో బెల్టో వాడటం, వాతలు తేలడం, చిన్నదాన్ని పట్టుకుని కుదపడం లాంటివి ఉంటే ఇంత నెమ్మది పనికిరాదు. అక్కడికక్కడే అడ్డుపడి పిల్లల్ని వేరు చేయండి, దెబ్బ తగిలితే డాక్టరుకు చూపించండి, ఆగకపోతే పిల్లల రక్షణ విభాగం సాయం తీసుకోండి. మీ అమ్మాయికి నిద్ర లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేని మీదా మనసు లేకపోవడం ఉన్నాయా అని కూడా చూడండి. ఇద్దరు చిన్నపిల్లలున్న తల్లిలో డిప్రెషన్ చాలాసార్లు కోపంగానే బయటపడుతుంది, దానికి వైద్యం ఉంది. పిల్లాడికి వినికిడి, మాట, నిద్ర సరిగ్గా ఉన్నాయో లేదో పిల్లల డాక్టరు చేత ఒకసారి పరీక్ష చేయించండి. చెవి సరిగ్గా వినపడని పిల్లలను 'మాట వినడు' అని కొట్టిన ఇళ్లు నాకు తెలుసు.

ఆరు, ఎనిమిది వారాలు ఇలా చేసినా గొడవలు తగ్గకపోతే పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆ నోట్‌బుక్ వెంట తీసుకెళ్లండి, వాళ్లు మొట్టమొదట అడిగేది అందులో రాసినవే.