206 నోటీసుకి పాత తేదీ కాగితం పెట్టొచ్చా?

"గుంటూరులో మాది మిర్చి ఎగుమతి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. బావమరిది సంస్థకు ఇచ్చిన 40 లక్షల అడ్వాన్సు వివరాలు అడుగుతూ విజయవాడ కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కంపెనీల చట్టం సెక్షన్ 206 నోటీసు వచ్చింది. అగ్రిమెంటు లేదు. పాత తేదీతో రాయించమంటున్నారు అకౌంటెంటు గారు. కార్పొరేట్ మోసాల దర్యాప్తు సంస్థ ఎస్‌ఎఫ్‌ఐఓ దాకా పోతుందా?"

ఆ కాగితం మాత్రం రాయించకండి. ఇప్పటికి మీ మీద ఉన్నది వివరణ అడిగే నోటీసే. తనిఖీలో పత్రాలు తారుమారు చేసినా, తప్పుడు వివరణ ఇచ్చినా కంపెనీల చట్టం సెక్షన్ 229 ప్రకారం 447 కింద మోసంగానే శిక్షిస్తారు. దొరకడం కూడా తేలికే. ఈ-స్టాంపు మీద కొన్న తేదీ ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి కాబట్టి ఎంట్రీ ఎప్పుడు మార్చారో అందులో కనిపిస్తుంది.

అగ్రిమెంటు లేదని ఉన్నదున్నట్టు రాసి, బ్యాంకు స్టేట్‌మెంటు, లెడ్జరు, సరుకు వచ్చి ఉంటే ఈ-వే బిల్లులు జతచేయండి. గడువు చాలకపోతే ఆలోపే రాతపూర్వకంగా అడగండి. ఊరుకుంటే లక్ష దాకా జరిమానా, ఆపైన రోజుకి 500 వరకు.

జవాబు చాలకపోతే రిజిస్ట్రార్ పుస్తకాలు తెమ్మంటారు, తర్వాత విచారణ లేదా తనిఖీ. తనిఖీ అధికారి ప్రమాణం చేయించి ప్రశ్నించగలరు. ఎస్‌ఎఫ్‌ఐఓకి అప్పగించేది కేంద్రం, సెక్షన్ 212 కింద. రిజిస్ట్రార్ నివేదిక అందుకున్న దారుల్లో ఒకటి మాత్రమే. అక్కడికి వెళితే అరెస్టు అధికారం ఉంటుంది, 447 కేసులో బెయిలూ కష్టం. డబ్బు నిజంగా సరుకుకే వెళ్లి, లెక్క కుదిరితే సాధారణంగా అంతదూరం రాదు.